ఒక్కసారి వచ్చిన డబ్బు, ఏటా వచ్చే ఖర్చు

"నమస్తే అండీ. మా కమ్యూనిటీ లైబ్రరీ విస్తరణకు ఒక దాత ఒకే విడతలో డబ్బు ఇచ్చారు. 1200 కొత్త పుస్తకాలు, ర్యాకులు, వారానికి 10 గంటలు అదనంగా తెరవడం, ఈ-పుస్తకాల సబ్‌స్క్రిప్షన్, పిల్లలతో వారం వారం చదివించే కార్యక్రమం అనుకుంటున్నాం. అయిదింటికీ సమానంగా పంచేయొచ్చా?"

సమానంగా పంచకండి. ర్యాకులు ఒకసారి కొంటే అయిపోతాయి. జీతం, సబ్‌స్క్రిప్షన్, కార్యక్రమం ఏటా డబ్బు అడుగుతాయి. అందుకే ముందు ఈ మూడింటి ఏడాది ఖర్చు తేల్చండి. దాన్ని మూడేళ్లకు లెక్కగట్టి, ఏటా పెరిగే ధరలకు కాస్త కలిపి, ఆ మొత్తాన్ని పక్కన పెట్టండి. మిగిలిందే పుస్తకాలకు, ర్యాకులకు.

ఎక్కువమంది తక్కువ వేసుకునేది సిబ్బంది గంటలే. కౌంటర్‌లో ఒక్కరే ఉన్నా, వారానికి 10 గంటలంటే ఏడాదికి 520. పిల్లల కార్యక్రమం గంటే అయినా పుస్తకం ఎంచుకోవడం, గది సర్దడం కలిపి మూడు గంటలు పడుతుంది. 40 వారాలకు 120. సెలవుల్లో బదులు మనిషికి పదో వంతు కలిపితే దాదాపు 700. ఇక పుస్తకం కొనగానే అరలోకి వెళ్లదు. కేటలాగ్‌లో ఎక్కించాలి, వెన్ను మీద నంబరు అంటించాలి, అట్ట వేయాలి. ఒక్కోదానికి పావుగంట వేసుకున్నా 1200కు 300 గంటలు. అంటే మొదటి ఏడాది 1000 గంటలు. ఈ 300 మరిచిపోయిన చోట కొత్త పుస్తకాలు నెలల తరబడి అట్టపెట్టెల్లోనే ఉండిపోవడం చూశాను. చూస్తే బాధేస్తుంది.

ర్యాకుల లెక్క తేలిక. మీటరు అరలో సుమారు 30 పుస్తకాలు పడతాయి, కాబట్టి 40 మీటర్లు చాలనిపిస్తుంది. కానీ అరలో పావు వంతు ఖాళీ ఉంచకపోతే, వచ్చే ఏడాది ఒక్క కొత్త పుస్తకం దూర్చడానికి వరుసంతా జరపాలి. 53 మీటర్లు పెట్టుకోండి. 90 సెంటీమీటర్ల వెడల్పు, ఆరు అరల ర్యాకులైతే పది.

సబ్‌స్క్రిప్షన్ విషయంలో జాగ్రత్త. లైబ్రరీలకిచ్చే ఈ-పుస్తకాల్లో చాలావరకు సొంతమయ్యేవి కావు. గడువుకో, ఇన్నిసార్లు అరువిచ్చాక అనో లైసెన్స్ ముగుస్తుంది. మొదట ఏడాదికే ఒప్పందం చేసుకోండి. పదో నెలలో చందాను అప్పటిదాకా అరువెళ్లిన సంఖ్యతో భాగించి చూడండి. ఒక్కో అరువు ఖర్చు అచ్చు పుస్తకం ధరకు దగ్గరపడితే పొడిగించకండి.

మూడేళ్ల లెక్క పక్కన పెట్టాక పుస్తకాలకు చాలకపోతే టెన్షన్ పడకండి. 1200 పుస్తకాలూ ఒకేసారి కొనక్కర్లేదు. ఈ ఏడాది 600 కొని, ఏవి చేతులు మారుతున్నాయో చూసి మిగతావి ఎంచుకోండి. ర్యాకులు కూడా సగమే చాలు. అప్పటికీ కుదరకపోతే వారానికి 10 గంటలను 6 చేయండి. మొదలుపెట్టి మూసేయడం కన్నా అది పిల్లలకు మేలు.