ఒకే బొమ్మ, రెండు భాషల పేర్లు

"కిరణజన్య సంయోగక్రియ స్లైడ్లు రెండు మీడియంలకీ వాడాలి. ఆకు బొమ్మ మీద రెండు భాషల్లో పేర్లు పెడితే ఇరుకైపోతోంది. ఏం చేయాలి?"

పేర్లు లేని బొమ్మ తీసుకోండి మేడమ్. తెలుగు పేర్లన్నీ ఒక గ్రూపుగా, ఇంగ్లిష్ పేర్లు ఇంకో గ్రూపుగా చేయండి. పవర్‌పాయింట్‌లో `Alt+F10` నొక్కితే వచ్చే జాబితాలో, అక్కర్లేని గ్రూపు పక్కనున్న కన్ను గుర్తు నొక్కితే అది దాక్కుంటుంది. గీతలు మాత్రం బొమ్మతోనే ఉంచండి.

పెట్టెలు తెలుగుకు సరిపడా కొలవండి. 'స్టోమాటా' పట్టిన చోట 'పత్రరంధ్రాలు' పట్టదు, రెండో వరుసకి జారుతుంది. వరుసల ఎడం మరీ తగ్గిస్తే వత్తులు కింది వరుసకి తగులుతాయి.

`6CO₂ + 6H₂O → C₆H₁₂O₆ + 6O₂` రెండింటికీ ఒకటే, ముట్టుకోకండి.

పిల్లలు తడబడేది క్లోరోఫిల్, క్లోరోప్లాస్ట్ దగ్గర. పత్రహరితం రంగు పదార్థం, హరితరేణువు అది ఉండే చోటు. గీత కొన రేణువుకే తగలాలి, నేను ఒకసారి కణం గోడకి తగిలించాను!