గునుగు ఆరాకే కట్టు

స్రవంతి తల్లీ,

దీపావళి కానుకలు ఈసారి మెరుపు కాగితాల్లో కాకుండా గుడ్డలో చుట్టి, జనపతాడుతో కట్టి, ఎండుపూలు పెట్టి ఇస్తావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది, పూలు ఎప్పుడు ఆరబెడతావో ఏమోనని.

గుడ్డ సంగతి తేలికే. జాకెట్టు ముక్కలు కొను, విప్పాక వాళ్లు కుట్టించుకుంటారు. డబ్బా పొడవుకి మూడింతలు గుడ్డ మూలనుంచి మూలకి ఉంటే ముడి చక్కగా పడుతుంది. ఎక్కువైతే అంచు లోపలికి మడువు, కత్తెర పెట్టకు. కొత్త జనపతాడు నూనె వాసన కొడుతుంది, రెండు రోజులు గాలికి వేలాడదియ్యి.

ఇక పూలు. మీ అమ్మ పెళ్లికాకముందు ఒక దసరాకి మా మేనత్తకి తెల్ల జాకెట్టు ముక్కలో కానుక చుట్టి, ముడి మీద బంతిపూలు కట్టింది. పైరేకులు గలగలమంటున్నాయి కదా, ఆరిపోయాయనుకుంది. బంతి తొడిమ దగ్గర లావుగా ఉంటుంది, తడి అక్కడే దాక్కుంటుంది. పైగా ముసురు రోజులు. కట్ట తీసుకెళ్లి బీరువాలో పెట్టి తలుపు వేసింది. పండగనాడు తీస్తే ముడి చుట్టూ బూడిదరంగు బూజు, గుడ్డకి పసుపు మరక. బంతి అద్దకపు పువ్వు, ఆ మరక ఎంత ఉతికినా వదల్లేదు. మీ అమ్మ అన్నం తినకుండా ఏడ్చింది. అత్తయ్య దాన్నే పసుపులో ముంచి, గుడ్డంతా ఒకే రంగు చేసి కుట్టించుకుంది. ఆ జాకెట్టు వేసుకుని వచ్చినప్పుడల్లా మీ అమ్మ మొహం చూడాలి!

అందుకే బంతి వద్దు. తంగేడు రేకులు రాలిపోతాయి, అదీ వద్దు. గునుగు తీసుకో. తాజాగా ఉన్నప్పుడే కాగితంలా ఉంటుంది, ఆరినా రూపు చెడదు. బతుకమ్మ రోజుల్లో గుడిమల్కాపూర్‌లో ఒక కట్ట ఎక్కువ కొను. సద్దుల బతుకమ్మకీ దీపావళికీ మధ్య దాదాపు మూడు వారాలు ఉంటాయి, ఆ గడువు సరిపోతుంది. రంగులో ముంచిన గునుగు మాత్రం ముట్టుకోకు, చెమ్మ తగిలితే ఆ రంగు గుడ్డకి ఎక్కుతుంది. ఆకులు దూసేసి, చిన్న చిన్న కట్టలుగా తలకిందులుగా, నీడలో, ఫ్యాను గాలి తగిలేచోట వేలాడదియ్యి. ఎండలో పెడితే గులాబీరంగు వెలిసిపోతుంది.

కాడ వంచితే పుటుక్కున విరగాలి. అంతటితో నమ్మకు. నాలుగు పూలు గాజుసీసాలో వేసి మూత బిగించి రాత్రంతా ఉంచు. పొద్దున్నే లోపల ఆవిరి కనిపిస్తే ఇంకో వారం ఆరాలి. ఈ పని మాత్రం మరచిపోకు, నీకు దండం పెడతాను. ఇన్ని కట్టలు కట్టి చివర్లో నువ్వూ మీ అమ్మలా కూచుంటే నేను చూడలేను.

మిఠాయిలు స్టీలు డబ్బాలోనే పెట్టు, లేకపోతే నెయ్యి గుడ్డకి దిగుతుంది. పూలు తినేవాటికి తగలనివ్వకు, తోటల్లో ఏం మందులు కొడతారో తెలియదు. కట్టినవి బీరువాలో కాదు, వెదురు బుట్టలో పెట్టు. జనరల్ బజార్‌కి గుడ్డలు కొనడానికి వెళ్లేముందు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను. రంగు పోయే గుడ్డ ఏదో నీకు తెలియదు.

మీ పెద్దమ్మ