నకిలీ ఫోన్, నకిలీ మెమరీ కార్డు: షాపువాళ్లు వాపసు తీసుకోం అంటే?

ప్రశ్న: ఇరవై రోజుల కిందట హైదరాబాద్‌లో ఒక మొబైల్ షాపులో 18,500 రూపాయలకు సీల్ ఉన్న కొత్త ఫోను, 450కి 128 జీబీ మెమరీ కార్డు కొన్నాను. డబ్బు యూపీఐలో కట్టాను. తెల్లచీటీ ఇచ్చారు. దాని మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉంది. కార్డులోకి ఎక్కించిన పెళ్లి వీడియోలు సగం తెరుచుకోవడం లేదు. ఫోన్ గుర్తింపు నంబరు ఐఎంఈఐ కొట్టి చూస్తే వేరే మోడల్ పేరు వస్తోంది. కేసు వేయొచ్చా? ఎంతో కొంతకు ఫోన్ అమ్మేయమని స్నేహితులు అంటున్నారు.
– ఓ పాఠకుడు, నల్గొండ

జవాబు: అమ్మే ఆలోచన ముందు మానుకోండి. టెలికమ్యూనికేషన్స్ చట్టం, 2023లోని 42వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. ఐఎంఈఐ మార్చడమే కాదు, మార్చిన నంబరుతో ఉన్న ఫోన్ అని తెలిసి దగ్గర పెట్టుకోవడమూ దాని కింద నేరమే. మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా. ఇన్నాళ్లూ మీకు తెలియదు కాబట్టి తప్పు లేదు. అనుమానం తగిలింది కాబట్టి ఇక ఊరుకోకూడదు. పైగా అది నకిలీ అని తెలిసీ అసలుదని ఇంకొకరికి అంటగడితే, మిమ్మల్ని షాపువాళ్లు చేసినట్టే మీరూ మోసం చేసినట్టు అవుతుంది.

కేసు వేయొచ్చు. అయితే రుజువులు ఇప్పుడే, ఒక పద్ధతిలో పోగుచేసుకోవాలి.

ఫోన్ సంగతి. *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ కనిపిస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు నంబర్లు ఉంటాయి. అవి సెట్టింగ్స్‌లోని నంబర్లతో, పెట్టె మీద అచ్చువేసిన నంబర్లతో అంకె అంకెకూ కలవాలి. తర్వాత KYM అని రాసి, ఖాళీ వదిలి, ఆ నంబరు కొట్టి 14422కు ఎస్ఎంఎస్ పంపండి. కంపెనీ పేరు, మోడల్ తిరిగి వస్తాయి. బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడుకలో ఉందనో వచ్చినా ఆ ఫోన్ వద్దన్నట్టే. మీకు వేరే మోడల్ పేరు వచ్చిందంటే ఇంకొక ఫోన్ నంబరును ఇందులో ఎక్కించి ఉండవచ్చు. ఆ అసలు ఫోన్ యజమాని తనది పోయిందని ఫిర్యాదు చేసి నంబరు బ్లాక్ చేయిస్తే, మీ ఫోన్‌కూ నెట్‌వర్క్ పోతుంది.

ఈ ఎస్ఎంఎస్ పరీక్షకు ఒక హద్దు ఉంది. కాపీ కొట్టినవాడు అదే మోడల్‌కు చెందిన అసలు నంబరునే దొంగిలించి పెడితే అన్నీ సరిగ్గానే వస్తాయి. అందుకని ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో About కింద Play Protect certification చూడండి. Device is certified అని లేకపోతే అనుమానించాల్సిందే. కెమెరాలకు వేలి పరీక్ష పెట్టండి. వెలుతురులో, దూరంగా ఉన్న చెట్టుమీద కెమెరా పెట్టి 0.5x, 1x, 3x ఒక్కోటి ఎంచుకుంటూ, వెనక లెన్సులను ఒక్కోటిగా వేలితో మూయండి. ఏదైనా ఒక లెన్సు మూసినప్పుడు బొమ్మ ఏ సెట్టింగ్‌లోనూ నల్లబడకపోతే ఆ లెన్సు అలంకారానికి అతికించిన గాజుముక్క కావచ్చు. చీకట్లోనో, మరీ దగ్గరి వస్తువు మీదో చూడకండి. అలాంటప్పుడు అసలు ఫోన్లు కూడా జూమ్ లెన్సు వదిలేసి మామూలు లెన్సుతోనే పని కానిస్తాయి. లోతు కొలవడానికో మరో పనికో పెట్టిన లెన్సు బొమ్మ తీయదు కాబట్టి, ఏ లెన్సు ఏ పని చేస్తుందో కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే తేల్చండి.

మెమరీ కార్డు కథ వేరు. నకిలీ కార్డులో నిజంగా ఉండేది 8 జీబీయో 16 జీబీయో చిప్. దాన్ని నడిపించే కంట్రోలర్‌ను మార్చి ‘నేను 128’ అని ఫోన్‌కు అబద్ధం చెప్పిస్తారు. మొదటి 8 జీబీ దాకా అన్నీ బాగానే ఉంటాయి. అందుకే షాపులో నాలుగు పాటలు ఎక్కించి చూపిస్తే ఏమీ బయటపడదు. ఆ హద్దు దాటాక ఫైల్ పేరు కనిపిస్తుంది, సైజూ కనిపిస్తుంది, లోపల సరుకు మాత్రం ఉండదు. మీ వీడియోలు సగం తెరుచుకోకపోవడానికి ఇదే కారణం కావచ్చు. అదే అయితే ఆ వీడియోలు రికవరీ సాఫ్ట్‌వేర్‌తోనూ రావు, అసలు రాయబడలేదు కదా. ఇంకో మాట, కంప్యూటర్‌లో 128 బదులు సుమారు 119 జీబీ అని కనిపిస్తే కంగారు పడకండి. అది లెక్కపెట్టే తీరులో తేడా, మోసం కాదు.

తేల్చుకోవాలంటే కార్డు నిండా రాసి, మళ్లీ చదివించాలి. తెరుచుకుంటున్న ఫైళ్లన్నీ ముందు వేరేచోట కాపీ చేసుకోండి. కార్డును ఖాళీ చేసి, విండోస్ కంప్యూటర్‌లో H2testw అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఆ కార్డును చూపించి, all available space ఎంచుకుని Write + Verify నొక్కండి. సెకనుకు 10 ఎంబీ వేగంతో రాస్తే రాయడానికే మూడున్నర గంటలు పడుతుంది, చదవడానికి ఇంకొంత. అసలు కార్డు అయితే చివర Test finished without errors అని వస్తుంది. నకిలీ అయితే కొన్ని జీబీలు OK అని, మిగిలినదంతా DATA LOST అని చూపిస్తుంది. మొదలుపెట్టేటప్పుడు కార్డు మీది అక్షరాలు, చివర ఆ ఫలితం ఒకే వీడియోలో కనిపించేలా తీసి ఉంచండి. కార్డ్ రీడర్ చెడిపోయినా తప్పులు రావచ్చు కాబట్టి మరో రీడర్‌తో ఒకసారి నిర్ధారించుకోండి.

ఇక చట్టం. ఆ చీటీ మీది వాక్యానికి విలువ లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(47) ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడమూ అంతే. మీకు ఇరవై రోజులే అయ్యాయి. అంటే ఇంకా పది రోజులు చేతిలో ఉన్నాయి. ఈ వారంలోనే డబ్బు తిరిగివ్వమని షాపుకు నోటీసు రాసి స్పీడ్ పోస్టులో పంపండి. యూపీఐ లావాదేవీ నంబరు, తేదీ, మొత్తం 18,950 రూపాయలు, 14422 నుంచి వచ్చిన జవాబు అందులో రాయండి. ‘ఫోన్ ఇటివ్వండి, చెక్ చేసి చెబుతాం’ అని అడిగితే మాత్రం ఇవ్వకండి. మీ రుజువు మొత్తం ఆ ఫోనే. మీరు గానీ బయటి మెకానిక్ గానీ దాన్ని విప్పకూడదు కూడా. అవసరమైతే సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషనే సీలు వేసి లాబొరేటరీకి పంపిస్తుంది.

డబ్బివ్వకపోతే హైదరాబాద్ తిరగక్కర్లేదు. మీరు నివసించే చోటే ఫిర్యాదు చేసే వీలు ఉంది కాబట్టి నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. కార్డు, ఫోన్ రెండింటి ధర, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు కలిపి అడగండి. వీడియోలు పోయినందుకు వేరుగా ఎంత వస్తుందో ముందే చెప్పలేం, నష్టాన్ని మీరే నిరూపించాలి.

ఐఎంఈఐ విషయం మాత్రం కమిషన్‌తో సరిపోదు, పోలీసు ఫిర్యాదు కూడా ఇవ్వండి. పోలీసులు ఫోన్ తీసుకుంటే పంచనామా ప్రతి అడిగి తీసుకోండి. కమిషన్‌లో ఫోన్ ఏదని అడిగితే చూపించాల్సింది ఆ కాగితమే.

వచ్చేసారి కొనేటప్పుడు డబ్బు కట్టకముందే పెట్టె మీది నంబరుతో KYM పంపండి. తర్వాత షాపులోనే సీలు విప్పించి *#06# నొక్కండి, వేలి పరీక్ష కానివ్వండి, బిల్లులో రెండు ఐఎంఈఐలూ రాయించుకోండి. కార్డుకైతే కంపెనీ పేరు, ‘128 జీబీ’ అని బిల్లులో ఉండాలి. ఇంటికెళ్లిన రాత్రే H2testw నడవనివ్వండి. అది పూర్తయ్యేదాకా ఒక్క ఫొటో కూడా అందులో వేయకండి.