పోటు అంటే తలపోటు కాదు: బాబు చదువు గురించి అమ్మాయికి రాసిన ఉత్తరం

అమ్మాయీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బాబు ఏ పేజీ ఇచ్చినా గడగడా చదువుతాడనీ, చదివాక ఏం అర్థమైందని అడిగితే నేల చూపులు చూస్తాడనీ రాశావు. కథలైతే బాగానే చెబుతాడట. సైన్సు, సోషల్ పాఠాలు వచ్చేసరికి ఆగిపోతున్నాడట. ఇన్నేళ్లు పిల్లలకు చదువు చెప్పాను కదా, ఇలాంటి పిల్లలు ప్రతి తరగతిలోనూ ఇద్దరు ముగ్గురైనా కనిపించేవాళ్లు. మన తెలుగులో రాసినట్టే చదువుతాం కాబట్టి, అక్షరాలూ గుణింతాలూ ఒత్తులూ పట్టుబడ్డ పిల్లవాడు అర్థం తెలియని మాటనైనా తడబడకుండా చదివేస్తాడు. అందుకే ఈ లోటు చాలాకాలం ఎవరి కంటా పడదు.

ముందు అసలు సంగతి ఏమిటో తేల్చుకో. వాడు తడబడిన పేరా ఒకటి తీసుకుని, ఈసారి నువ్వే నెమ్మదిగా చదివి వినిపించు. విని కూడా చెప్పలేకపోతే చిక్కు అక్షరాల్లో లేదన్నమాట. మరో రోజు వాడికి బాగా ఇష్టమైన ఆట గురించో, తెలిసిన జంతువు గురించో అంతే పొడవున్న, అంతే కష్టమైన పేరా చదివి వినిపించు. అది చక్కగా చెప్పగలిగితే వాడికి లేనిది విషయ పరిచయమే. తెలిసిన విషయం విన్నా చెప్పలేకపోతే మాత్రం నేను రాసే ఉపాయాలతో సరిపెట్టుకోకు. వినికిడి పరీక్ష చేయించి, పిల్లల మాట, భాష చూసే నిపుణులకు చూపించు.

నువ్వు పంపిన పేరానే తీసుకుందాం. "ఓడ రేవు ముఖద్వారానికి చేరేసరికి తెల్లవారింది. కెప్టెన్ లంగరు వేయించాడు. మధ్యాహ్నం పోటు వచ్చాక ఓడ ఇసుకమేటను దాటి లోపలికి వెళ్లింది." లంగరు ఎందుకు వేయించాడు అని నువ్వు అడిగితే, రాత్రంతా ప్రయాణం చేసి అలసిపోయారు కాబట్టి అన్నాడు. పోటు అంటే ఏమిటంటే తలపోటు అన్నాడు. నాకు వాడి మీద జాలేసింది. తనకు తెలిసినంతలో ఖాళీలు నింపుకుని వాడు అర్థం చేసుకోవడానికి ప్రయత్నించాడమ్మా. రాసినవాళ్లు చెప్పకుండా వదిలేసినవి ఎన్ని ఉన్నాయో చూడు: సముద్రమట్టం రోజూ పెరిగి తగ్గుతుంది, రేవు నోటి దగ్గర ఇసుక మేట వేస్తుంది, బరువున్న ఓడ అడుగు నీటిలో చాలా లోతుకి దిగి ఉంటుంది. ఈ మూడూ తెలిసినవాడికి కెప్టెన్ ఎందుకు ఆగాడో ఎవరూ చెప్పక్కర్లేదు. తెలియనివాడు పదిసార్లు చదివినా అది కనిపించదు.

నువ్వు పోటు అంటే సముద్రం పొంగడం అని అర్థం చెప్పావు. అప్పుడు వాడు తుఫాను వచ్చి ఓడను లోపలికి తోసేసింది అన్నాడు. ఇది గుర్తుపెట్టుకో. మాటకు మాట అర్థం చెబితే పిల్లలు దాన్ని తమ దగ్గరున్న బొమ్మకే అతికించుకుంటారు. కాబట్టి ముందు ఆ బొమ్మ మార్చాలి.

ఒక లోతైన, వెడల్పాటి పళ్లెంలో అడ్డంగా తడి మట్టితో చిన్న గట్టు కట్టు. గట్టుకి రెండు వైపులా గట్టు మునగనంత వరకు నీళ్లు పొయ్యి. ఒక చిన్న గిన్నెలో రాళ్లు వేసి, అడుగు బాగా మునిగేలా ఒక వైపు తేలనివ్వు, అదే ఓడ. గట్టు మీదుగా నెట్టమను. తగులుకుంటుంది. ఇప్పుడు నీళ్లు పోస్తూ ఉండు, గట్టు బాగా మునిగాక మళ్లీ నెట్టమను. గిన్నె దాటిపోతుంది. సముద్రంలో ఇలా నీరు పెరగడమే పోటు, తగ్గడమే ఆటు అనీ, చాలా తీరాల్లో ఆటు నుంచి పోటుకు సుమారు 6 గంటలు పడుతుందనీ అప్పుడు చెప్పు. పది నిమిషాల పని. కథలో ఏం జరిగిందో మాత్రం ముందే చెప్పెయ్యకు. చాలామంది ఇక్కడే పొరబడతారు, పేరా సారాంశం అంతా చెప్పేసి తర్వాత చదివిస్తారు. అప్పుడు వాడు నీ మాటలే తిరిగి నీకు అప్పజెబుతాడు.

ఇది ఒక్క పేరాతో ఆగితే నిలవదు. మూడు నాలుగు వారాలు సముద్రం, ఓడల దగ్గరే ఉండు. రోజుకో కొత్త విషయం మీద ప్రశ్నలూ జవాబులూ ఉండే పుస్తకాలు కొని చేయించాలని రాశావు కదా, వాటిని ప్రస్తుతానికి పక్కన పెట్టు. ఇవాళ ఎడారి, రేపు తేనెటీగలు, ఎల్లుండి రైలు ఇంజను అంటే ఏ మాటా వాడికి రెండోసారి ఎదురుపడదు. మొదటి వారం బొమ్మలు, చిన్న వీడియోలు, నువ్వు చదివి వినిపించడం. వాడు స్వయంగా చదవగలిగే దానికన్నా కాస్త కష్టమైనదే వినిపించు, వినడంలో పిల్లలు ముందుంటారు. ఆ తర్వాత తేలికవి వాడే చదవాలి, చివరికి పాఠ్యపుస్తకం లాంటివి. రోజుకి 20 నిమిషాలు చాలు. రేవు, లంగరు, తీరం, మేట అనే మాటలు ఒక్కొక్కటి వేర్వేరు చోట్ల ఎదురవుతుంటే వాటంతటవే నాటుకుంటాయి.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఒక పరిశోధన చెబుతాను. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు, 64 మంది పిల్లల చేత బేస్‌బాల్ ఆట గురించి ఒక కథనం చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట అంతగా తెలియని పిల్లలకన్నా మెరుగ్గా అర్థం చేసుకున్నారు.

పని జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుందంటావా? చదివిన పేరాలో ప్రశ్న అడిగితే తెలియదు. అదే విషయం మీద ఎప్పుడూ చూడని పేరా ఇచ్చి, అందులో నేరుగా రాయని సంగతి ఒకటి అడుగు. ఉదాహరణకు, బెస్తవాళ్లు నిన్న మధ్యాహ్నం 12కి పోటు మీద బయల్దేరారు, ఇవాళ అంతకన్నా ఆలస్యంగా బయల్దేరారు, ఎందుకు? పోటు రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుందని అంతకుముందే వినివున్నవాడైతే, ఆ సంగతి తెచ్చి ఇక్కడ వాడతాడు. అలా ఒక్కసారి వాడినా నాకు చాలు.

ఒకటి ముందే చెప్పాలి. సముద్రం తెలిసినంత మాత్రాన అగ్నిపర్వతాల పాఠం అర్థం కాదు. అక్కడ మళ్లీ నేల చూపులే చూస్తే కంగారుపడకు, వాణ్ని కోప్పడకు. అందుకే తర్వాతి విషయాన్ని పాతదాని పక్క నుంచే ఎంచుకో. పోటుకి కారణం చంద్రుడి ఆకర్షణ, సూర్యుడిది కూడా కొంత. అక్కడి నుంచి ఆకాశంలోకి వెళ్లవచ్చు. లేదా రేవు నుంచి సరుకుల రవాణాకి, వర్తకానికి. వాడు ఏది అడుగుతాడో చూసి అటు తీసుకెళ్లు.

ఆదివారం లోపు, మొదట చెప్పిన ఆ రెండు పేరాలూ చదివి వినిపించు. వాడు చెప్పిన జవాబులు దిద్దకుండా, వాడి మాటల్లోనే రాసి పంపు. తప్పు జవాబులైతే మరీ జాగ్రత్తగా రాయి, వాడి మనసులో ఏ బొమ్మ ఉందో నాకు తెలిసేది వాటివల్లే.

ఆశీస్సులతో,
పెద్దమ్మ