స్పాంజి కాని మేఘం

మిత్రునికి,

సైన్సు దినోత్సవం నాడు ప్రాథమిక పాఠశాల పిల్లల ముందు చదవడానికి మీరు రాసుకున్న ప్రసంగం అందింది. వాక్యాలు చిన్నవిగా ఉన్నాయి, బాగుంది. కానీ "మేఘం స్పాంజి లాంటిది, నిండిన స్పాంజిని పడమటి కనుమలు పిండితే మనకు వాన కురుస్తుంది" అన్న వాక్యం దగ్గర నాకు చదవబుద్ధి కాలేదు. ఈ జవాబంతా ఆ ఒక్క వాక్యం గురించే.

స్పాంజిలో నీటిని పట్టి ఉంచే వస్తువు ఒకటి వేరే ఉంటుంది. మేఘంలో అలాంటిదేదీ లేదు. గాలిలో చెదిరి ఉన్న నీటి బిందువుల గుంపునే మనం మేఘం అంటున్నాం. ఒక్కో బిందువు వ్యాసం సుమారు 0.02 మిల్లీమీటర్లు. అంత చిన్న బిందువు కదలని గాలిలో సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున దిగుతుంది. ఆ లెక్కన కిలోమీటరు ఎత్తు నుంచి నేలకు చేరడానికి ఒక రోజు దాటుతుంది. అంతకుముందే పైకి లేచే గాలి దాన్ని తిరిగి ఎత్తుకుపోతుంది, లేదా మేఘం అడుగు దాటగానే అది ఆవిరైపోతుంది. ఎన్నో మేఘాలు కురవకుండానే చెదిరిపోవడానికి కారణం ఇదే. మీ స్పాంజి ఈ సంగతిని పూర్తిగా దాచేస్తుంది.

నేలకు చేరే మామూలు చినుకు వ్యాసం 2 మిల్లీమీటర్లనుకోండి. మేఘబిందువులను ఒకదాని పక్కన ఒకటి 100 పేర్చితే ఆ వెడల్పు వస్తుంది. అలాంటి వరుసలు 100, వాటి మీద అంతస్తులు 100 అనుకుంటే 10 లక్షలవుతాయి. ఒక చినుకులో దాదాపు అన్ని మేఘబిందువుల నీరుంటుంది. చాలా కాలం కిందట నేను ఒక పత్రిక పిల్లల పేజీకి ఈ లెక్క రాసి పంపితే, పెద్ద అంకెలకు పిల్లలు జడుసుకుంటారని సంపాదకుడు దాన్ని కొట్టేసి, ఆ ఖాళీలో కన్నీటి బొట్టు ఆకారంలో నవ్వుతున్న చినుకు బొమ్మ వేయించాడు. చిన్న చినుకులు గుండ్రంగా ఉంటాయనీ, పెద్దవి అడుగున చదునుగా అవుతాయనీ నేను రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. మేఘాన్ని మామయ్యను చేసి మాట్లాడించే ఈనాటి వేలంవెర్రికి మూలం అలాంటి పేజీలే. మీ మూడో పేజీలోని మేఘం మామయ్యను కూడా దయచేసి తీసేయండి.

పోలిక కావాలంటే గొలుసు ఆటను తీసుకోండి. దొంగకు దొరికిన పిల్ల దొంగ చేయి పట్టుకుని తనూ పరుగెత్తుతుంది, గొలుసు పొడుగయ్యేకొద్దీ ఇంకా ఎక్కువమంది చిక్కుతారు. మేఘంలోనూ అన్ని బిందువులూ ఒకే పరిమాణంలో ఉంటే అన్నీ ఒకే వేగంతో దిగుతాయి కాబట్టి ఒకదాన్నొకటి అందుకోవడం అరుదు. కొన్ని పెద్దవై ఉండాలి. అవి వేగంగా దిగుతూ దారిలోని చిన్నవాటిని కలుపుకుంటాయి, కలుపుకున్నకొద్దీ ఇంకా వేగం పుంజుకుంటాయి. పోలిక తెగేది ఇక్కడే, దీన్ని పిల్లలకు దాచకుండా చెప్పండి: ఆటలో గొలుసు పెరిగితే పరుగు మందగిస్తుంది, మేఘంలో చినుకు పెరిగితే వేగం పెరుగుతుంది. 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు ఆరు మీటర్లకు పైగా దిగుతుంది.

మేఘంలో మొదటి దొంగ, అంటే మొదటి పెద్ద బిందువు, ఎక్కడి నుంచి వచ్చిందని ఏ పిల్లో తప్పక అడుగుతుంది. మీ ప్రసంగంలో రుతుపవనాల మాట రావలసింది ఆ ప్రశ్నకు జవాబుగానే. నైరుతి గాలి అరేబియా సముద్రం మీదుగా వస్తూ తేమతో పాటు, అలల తుంపర ఎండగా మిగిలిన ఉప్పు రేణువులను కూడా మోసుకొస్తుంది. పడమటి కనుమలు అడ్డొచ్చి ఆ గాలి పైకి ఎక్కక తప్పదు. పైన ఒత్తిడి తక్కువ కాబట్టి అది వ్యాకోచించి చల్లబడుతుంది, అప్పుడు ఆవిరి రేణువుల చుట్టూ బిందువులుగా మారుతుంది. పెద్ద ఉప్పు రేణువుల మీద పుట్టినవి తోటివాటికంటే త్వరగా పెరిగి వేట మొదలుపెడతాయి. కొండ చేసిన పని గాలిని ఎత్తడం వరకే. దాటాక గాలి తూర్పు వాలున కిందికి దిగుతూ వేడెక్కుతుంది, మిగిలిన బిందువులు మళ్ళీ ఆవిరవుతాయి. అనంతపురం వైపు నైరుతి వాన తక్కువ కావడానికి ఇదొక ముఖ్య కారణం. మీ స్పాంజితో ఈ సంగతి చెప్పి చూడండి, కుదరదు.

బాగా ఎత్తుకు పెరిగే మేఘాల్లో మంచు స్ఫటికాల ద్వారా కూడా చినుకులు తయారవుతాయి. దాని గురించి మీరు రాసిన పేరా ఈ వయసు పిల్లలకు అక్కర్లేదు, తీసేయండి. ఆ చోటులో పిల్లల్ని ఆవరణలోకి తీసుకెళ్ళి గొలుసు ఆట ఆడించండి. మొదటిసారి అందరినీ ఒకే వేగంతో ఒకే వైపు నడవమనండి, ఎవరూ ఎవరికీ చిక్కరు. రెండోసారి ఒక్క పిల్లను మాత్రం పరుగెత్తమనండి.