సమాధానం: 920 కేవీ మోటార్లకు ఏ బ్యాటరీ?

“ఎఫ్450 డ్రోన్ ఫ్రేమ్, నాలుగు 920 కేవీ మోటార్లు, 10 అంగుళాల ప్రొపెల్లర్లు, బ్యాటరీ లేకుండా బరువు కిలో. 4ఎస్ వేయవచ్చా? ఎంత ఎంఏహెచ్, ఎన్ని సీ తీసుకోవాలి?”

ప్రొపెల్లర్లు మార్చే ఉద్దేశం లేకపోతే 3ఎస్, అంటే మూడు సెల్స్ వరుసగా కలిపిన ప్యాక్, తీసుకోండి. కేవీ అంటే ఒక్కో వోల్టుకు మోటారు నిమిషానికి తిరిగే చుట్లు; 4ఎస్ వోల్టేజీకి ఈ మోటార్లు మరింత వేగంగా తిరుగుతాయి కనుక, అవే ప్రొపెల్లర్లతో కరెంటు బాగా పెరిగి వైండింగ్ మాడిపోవచ్చు.

సామర్థ్యం విషయానికొస్తే, 5000 ఎంఏహెచ్ ప్యాక్ సుమారు 400 గ్రాములుంటుంది. మొత్తం 1.4 కిలోలను గాలిలో నిలపడానికి దాదాపు 20 ఆంపియర్లు కావాలి. ప్యాక్‌లో 80 శాతమే, అంటే 4 ఆంపియర్-అవర్లే వాడాలి కాబట్టి, 4ను 20తో భాగించి 60తో గుణిస్తే 12 నిమిషాలు వస్తుంది. ఇంకా పెద్ద ప్యాక్ పెడితే దాని బరువు మోయడానికే కొంత కరెంటు పోతుంది; సమయం అదే నిష్పత్తిలో పెరగదు.

పూర్తి థ్రాటిల్‌లో మోటారుకు 15 చొప్పున 60 ఆంపియర్లు అనుకుంటే, 60ని ప్యాక్ సామర్థ్యమైన 5 ఆంపియర్-అవర్లతో భాగించగా 12సీ, అంటే సామర్థ్యానికి 12 రెట్ల కరెంటు ఇచ్చే ప్యాక్, సరిపోవాలి. అయితే లేబుల్ మీది అంకెను నేను సగానికే నమ్ముతాను కనుక 25సీ లేదా 30సీ కొనండి. థ్రాటిల్ పెంచగానే సెల్ వోల్టేజీ 3.3 కంటే దిగి, తగ్గించగానే తిరిగి లేస్తుంటే, ఆ ప్యాక్ అంత కరెంటు ఇవ్వలేకపోతోందని అర్థం.