లోగోలు వదిలి పచ్చడి సీసాల లేబుళ్లకి మారాను

"ఆరేళ్లుగా ఇంటి నుంచే గ్రాఫిక్ డిజైన్ చేస్తున్నాను. లోగోకి మూడు వేలు అంటే 'అవతలాయన ఐదొందలకే చేస్తానన్నాడు' అంటున్నారు. ఏదో ఒక రకం పని పట్టుకుని అదే చెయ్యమని అందరూ చెప్తున్నారు. నిజంగా డబ్బులొచ్చే పని ఏదో ఎలా తెలుస్తుంది?"

ఒక డిజైనర్ నన్ను అడిగిన ప్రశ్న ఇది. నేనూ అదే పని చేస్తాను, ఉండేది గుంటూరులో. ఒకే రకం పని పట్టుకోవాలని నేనూ ఒకసారి ప్రయత్నించి దెబ్బ తిన్నాను, ముందు అది చెప్తాను. శుభలేఖలు బాగా వేస్తానని చుట్టుపక్కల పేరుండేది, అందుకని అదే నా దారి అనుకున్నాను. ఏడాదిన్నర చేశాను. పని నచ్చింది గానీ డబ్బు రాలేదు. పెళ్లివాళ్లు ఒక్కసారే వస్తారు. కార్డు కాస్త తక్కువగా కుదిరినా వాళ్లకి పోయేదేమీ లేదు. అలాంటప్పుడు రేటు కాక ఇంకేం చూస్తారు చెప్పండి?

తర్వాత ఓ ఆదివారం పాత బిల్లులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఒక్కో పేరు పక్కన రెండే ప్రశ్నలు రాసుకున్నాను. నేను ఫోన్ చెయ్యకుండానే మళ్లీ వచ్చారా? డిజైన్‌లో తప్పు దొర్లితే వాళ్లకి ఎంత పోతుంది? రెండింటికీ గట్టి జవాబున్న పేర్లు ఏడే తేలాయి. అందులో ఐదు పచ్చళ్లు, పొడులు, గానుగ నూనె చేసేవాళ్లవి. ఆవకాయతో మొదలుపెట్టినవాళ్లు ఆర్నెల్లకి గోంగూర, కందిపొడి అంటూ మళ్లీ వస్తారు. పైగా అప్పట్లో కేంద్రం పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద చిన్న ఆహార యూనిట్లకి 35 శాతం దాకా సబ్సిడీ ఇస్తుండటంతో, ఇంట్లో పచ్చడి పెట్టేవాళ్లు కూడా లైసెన్సు తీసుకుని సీసాల్లో అమ్మడం మొదలుపెట్టారు.

ఎంత పోతుందన్న లెక్క మాత్రం నా తప్పు వల్లే తెలిసింది. ఒకావిడకి ఆవకాయ లేబుల్ చేశాను. క్రీమ్ రంగు మీద మెరూన్, చాలా బాగుందన్నారు. రంగులు కలవాలని బార్‌కోడ్ గీతలు కూడా ఎర్రటి మెరూన్‌లోనే పెట్టాను. షాపుల్లో చాలా స్కానర్ల నుంచి వచ్చేది ఎర్ర వెలుతురు. ఆ వెలుతురులో ఎర్ర గీత దానికి తెల్లగానే కనిపిస్తుంది. సూపర్ మార్కెట్ వాళ్లు సరుకు వెనక్కి పంపేశారు. స్టిక్కర్ మూడు రూపాయల చొప్పున నాలుగు వేల స్టిక్కర్లు, అంటే పన్నెండు వేలు చెత్తబుట్టలోకి. నేను తీసుకున్న ఫీజు పదిహేను వందలు. రెండోసారి ప్రింటింగ్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆవిడ ఒకటే అన్నారు: "బాబూ, ఇంకో ఐదు వేలు అడిగినా ఇచ్చేదాన్ని, సరుకు మాత్రం ఆగకుండా ఉండాల్సింది." నా రేటు మారింది ఆ మాటతోనే.

ఇప్పుడు ఎవరైనా లేబుల్ అడిగితే నేను ముందు రంగుల గురించి మాట్లాడను. ఖాళీ సీసా తెమ్మంటాను. సీసా సన్నగా ఉంటే బార్‌కోడ్‌ని నిలువుగా తిప్పి, గీతలు నిచ్చెన మెట్లలా ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెడతాను. లేకపోతే వంపులో చివరి గీతలు స్కానర్‌కి అందవు. తర్వాత, ధర, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఎక్కడ కొడతారో అడుగుతాను. అక్కడ వార్నిష్ లేని తెల్ల చోటు వదలాలి. వార్నిష్ మీద ఇంక్‌జెట్ సిరా ఆరక, వేలితో రుద్దితే పోతుంది. ఆ చోటు వదిలితే ధర మారినప్పుడల్లా లేబుల్ మళ్లీ వేయించక్కర్లేదు. ఈ ఒక్క సంగతి చెప్పగానే సగం మంది బేరమాడటం ఆపేస్తారు.

ఇక సరుకుల జాబితా. చాలామంది చీటీ మీద "మామిడికాయ, కారం, ఉప్పు, నూనె" అని రాసిస్తారు. ఏ నూనె అని అడగాలి. మన నియమాల ప్రకారం నూనె పేరు రాయాలి, బరువులో ఎక్కువున్నది ముందు రావాలి. సీసాలు అమెరికా వెళ్తాయంటే ఆ ప్రశ్న ఇంకా ముఖ్యం. 2023 జనవరి 1 నుంచి అక్కడ నువ్వులు కూడా తప్పక చెప్పాల్సిన అలర్జీ పదార్థాల్లో చేరాయి. కెనడా జాబితాలో ఆవాలు కూడా ఉన్నాయి. ఆవపిండి, నువ్వుల నూనె లేని ఆవకాయ ఎక్కడుంటుందండీ! చికెన్ పచ్చడి అయితే ఇంకో చిక్కు. 2020 లేబులింగ్ నియమాలతో మాంసాహార గుర్తు గోధుమరంగు చుక్క నుంచి త్రికోణంగా మారింది. పాత ఫైళ్ల నుంచి కాపీ కొట్టేవాళ్లు ఇప్పటికీ చుక్కే పెడుతున్నారు.

తెలుగు అక్షరాల సంగతి మనకే బాగా తెలియాలి. చిన్న సైజులో, ముదురు రంగు మీద తెల్లక్షరాలు పెడితే సిరా పాకి వత్తులు పూడుకుపోతాయి. "కొబ్బరి"లో బ-వత్తు ఓ మచ్చలా మిగులుతుంది. అందుకే చిన్నక్షరాలు ఎప్పుడూ ఒక్క నలుపులోనే, లేత రంగు మీద. ప్రింటర్ దగ్గర అసలు సైజులో ప్రూఫ్ తీసి, చేతి దూరంలో పెట్టుకుని చదువుతాను. తెర మీద పెద్దది చేసి చూస్తే ఏదీ తెలియదు.

రేటు ఇలా పెట్టాను. మొదటి లేబుల్ పద్దెనిమిది వేలు, అదే వరసలో తర్వాతి ఒక్కో రకానికి నాలుగు వేలు. అస్థిపంజరం మొదటిదాంట్లోనే తయారవుతుంది కాబట్టి తర్వాతవి నాకు ఒక పూట పనే. వాళ్లకి అది చవకగా అనిపిస్తుంది, నాకు మిగిలేది అందులోనే.

కస్టమర్లు ఇన్‌స్టాగ్రామ్ నుంచి రాలేదు, స్టిక్కర్లు వేసే ప్రింటర్ల నుంచి వచ్చారు. తప్పుడు ఫైలు వస్తే మెషిన్ ఆగి నష్టపోయేది వాళ్లే. ఇద్దరు ప్రింటర్లకి కొన్నాళ్లు శుభ్రమైన ఫైళ్లు అందేసరికి, అక్షరాలు గజిబిజిగా వచ్చిన ప్రతి ఫైలుతోనూ "ఫలానా ఆయన దగ్గరికెళ్లండి" అని పంపడం మొదలైంది. చాలా ప్రింటర్లు డిజైన్ ఉచితంగానే చేసిస్తారు, అది నిజమే. మూడొందల స్టిక్కర్లు వేయించుకునేవాళ్లకి అది చాలు, వాళ్ల వెంట నేను పడను. రెండు వేలు దాటి వేయించేవాళ్లు, సూపర్ మార్కెట్‌కి గానీ విదేశాలకి గానీ ఇచ్చేవాళ్లే నా కస్టమర్లు.

ఇబ్బందులూ ఉన్నాయి. మామిడికాయల కాలంలో నిద్ర ఉండదు, వానాకాలంలో రెండు నెలలు ఖాళీ. పాత లోగో పనులు పూర్తిగా మానెయ్యడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది, మీరూ ఒక్కసారిగా మానకండి. పోషక విలువల అంకెలు ల్యాబ్ రిపోర్టు లేకుండా నేను వెయ్యను. "పక్క కంపెనీది చూసి వేసెయ్" అంటారు, ససేమిరా అనాలి. ఆఖరి ప్రూఫ్ మీద తేదీతో సంతకం తీసుకోకుండా ఏ ఫైలూ ప్రింటర్‌కి పంపను. నియమాలు మారుతుంటాయి కాబట్టి ప్రతి కొత్త పనికీ, ఆహార నియమాలు పెట్టే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సైటు తెరిచి చూసుకుంటాను.

పౌచ్‌ల పని మాత్రం ఈమధ్యే ఒప్పుకుంటున్నాను. వాటిని వేసే గ్రావ్యూర్ ప్రింటింగ్‌లో రంగుకో సిలిండర్ చెక్కించాలి. తప్పు బయటపడితే స్టిక్కర్‌లా మళ్లీ వేసుకుంటే సరిపోదు, ఆ సిలిండర్ కొత్తగా చేయించాలి. అందుకని దానికి ఫీజు రెట్టింపు, ప్రూఫ్ మీద సంతకాలు రెండు: ఒకటి యజమానిది, ఇంకోటి ప్రింటర్‌ది.